‘సబ్ కొట్టిన అన్నా, మీరు కూడ కొట్టుండ్రి’: నొప్పించకుండా కాదనడం ఎలా?

వీడియో నిడివి ఎనిమిది నిమిషాలు. పెట్టి ఇంకా ఒక నిమిషం కాలేదు. కింద అప్పుడే ఒక కామెంట్: "సూపర్ అన్నా. మీకు సబ్ కొట్టిన, మీరు కూడ నాకు కొట్టుండ్రి." చూడకుండానే సూపర్ అన్నాడని అర్థమవుతూనే ఉంది. అయినా జవాబు రాయడానికి వేళ్లు ఆడవు. "కుదరదు" అంటే పొగరు అనుకుంటాడేమో. ఏమీ అనకపోతే పట్టించుకోలేదని బాధపడతాడేమో. "చూస్తాలే" అంటే రేపు మళ్లీ వస్తాడు.

ఇదే మనిషి చాయ్ బండి దగ్గర ఎదురై ఇదే మాట అడిగితే ఇంత తర్జనభర్జన ఉండదు. నవ్వి, భుజం మీద చెయ్యి వేసి, "ఏ, అవన్నీ నేను చెయ్యనే" అంటే అయిపోతుంది. మాట అదే, మనుషులు వాళ్లే. మరి పోస్టు కింద రాసినప్పుడు ఎందుకు గుచ్చుకుంటుంది? సంభాషణ ఎలా నడుస్తుందో పరిశోధించినవాళ్ల దగ్గర దీనికి సమాధానం ఉంది. దాంతోపాటు యూట్యూబ్ లెక్క కూడా కొంచెం తెలియాలి.

జగిత్యాల జిల్లా ఈ చర్చకు తగిన చోటు. మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ పల్లె మనుషులతో, పల్లె భాషతో లక్షలమందికి చేరింది. కూలి పనులు చేసుకుని బతికిన గంగవ్వ ఆ వీడియోలతోనే పేరు తెచ్చుకుని 2020లో బిగ్‌బాస్ తెలుగు నాలుగో సీజన్ దాకా వెళ్లింది. మన యాసలో, మన ఇంటి ముందు తీసినా జనం చూస్తారని ఆ చుట్టుపక్కల ఊళ్లకు కళ్లముందే రుజువైంది. అలాంటి చోట ఫోన్ పట్టిన ప్రతి కుర్రాడికీ ‘వెయ్యి మంది’ అనే మొదటి మెట్టు కనబడుతుంది. దాన్ని ఎక్కడానికి దగ్గరిదారిగా తోచేది ఈ మార్పిడి. కాబట్టి అడిగేవాడు దొంగ కాదు, చాలాసార్లు ఆశ ఉన్నవాడు. కాదనే మాట రాసేముందు ఇది గుర్తుంటే చాలు, సగం కటువు దానంతట అదే పోతుంది.

కట్నాల పుస్తకంలో పడని బాకీ

మన పెళ్లిళ్లలో మండపం పక్కన ఒకాయన నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. పేరు, ఊరు, 116 రూపాయలా, 516 రూపాయలా అన్నది రాసుకుంటాడు. రేపు ఆ పేరు గలవాళ్ల ఇంట్లో పెళ్లయితే ఈ పుస్తకం తిరగేసి, అంతకు తగ్గకుండా చదివించి వస్తారు. పెట్టినవాడు నోరు తెరిచి "నాకూ పెట్టాలి" అనడు. అనాల్సిన పని లేదు, పుస్తకమే అడుగుతుంది. తీసుకున్నది తిరిగి ఇవ్వాలన్న ఈ నియమం దాదాపు అన్ని సమాజాల్లో కనబడుతుందని అమెరికా సామాజికశాస్త్రవేత్త ఆల్విన్ గౌల్డ్‌నర్ 1960లో ఒక వ్యాసంలో వాదించాడు. ఆ తర్వాత ఈ విషయం మీద జరిగిన పరిశోధనల్లో ఆ వ్యాసాన్ని తలవనివి తక్కువ.

‘నేను చేసిన, మీరు చెయ్యుండ్రి’ అనే వాక్యానికి బలం అక్కడి నుంచే వస్తుంది. అడిగినవాడు ముందు తన వంతు ఇచ్చేశాడు, లేదా ఇచ్చానన్నాడు. మీ పేరు పక్కన ఒక బాకీ రాసిపెట్టాడు. అందుకే కాదన్నప్పుడు ఒక కోరికను కాదన్నట్టుగా కాక, అప్పు ఎగ్గొట్టినట్టుగా మీకే అనిపిస్తుంది. ఆ ఇబ్బందిలోంచే అనవసరమైన సంజాయిషీలు పుడతాయి, లేదా చిరాకు పుడుతుంది. రెండూ రాతలోకి దిగుతాయి.

కానీ ఇక్కడ బాకీ లేదు. పెళ్లి కట్నం అందుకున్న ఇంటికి ఖర్చులో ఆసరా అవుతుంది. ఈ సబ్ ఇద్దరిలో ఎవరికీ అలా అక్కరకు రాదు. మాటకు అనడం లేదు, లెక్క వేస్తే తేలుతుంది.

రోజుకు పదకొండు గంటలు

యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా ఇవ్వడానికి పెట్టిన షరతు 2018 నుంచి ఇది: 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ. షార్ట్స్ మాత్రమే చేసేవాళ్లకు 2023 నుంచి వేరే దారి ఉంది, ఆ గంటలకు బదులు 90 రోజుల్లో కోటి వీక్షణలు; వెయ్యి మంది మాత్రం వాళ్లకూ కావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. మామూలు వీడియోలు చేసేవాడికి రెండు షరతులూ కలిసి తీరాలి. వెయ్యి మంది అన్నది అందరికీ తెలుసు. నాలుగు వేల గంటల సంగతి చాలామంది తర్వాత గమనిస్తారు.

మార్పిడితోనే వెయ్యి మందిని పోగేశారని అనుకుందాం. పాపం, వాళ్లు మర్యాదకు తలా ఒక నిమిషం మీ వీడియో చూశారు. మొత్తం వెయ్యి నిమిషాలు, అంటే 17 గంటలు కూడా నిండవు. కావాల్సింది 4,000. ఆ వెయ్యి మందితోనే గంటల షరతు కూడా తీరాలంటే ఒక్కొక్కరు ఏడాదిలో నాలుగు గంటలు మీ చానల్ చూడాలి.

ఇప్పుడు దాన్ని తిప్పి చూడండి. మార్పిడి అంటే మీరూ వాళ్ల వెయ్యి చానళ్లను తలా నాలుగు గంటలు చూడాలి. ఏడాదికి 4,000 గంటలు. సెలవు లేకుండా, పండగ లేకుండా, రోజుకు దాదాపు పదకొండు గంటలు. మరమగ్గాల మీద 12 గంటల షిఫ్టు చేసే మనిషికి నిద్రపోవడానికి ఒక గంట మిగులుతుంది.

ఎవరూ చూడరు. అది ఇద్దరికీ ముందే తెలుసు. అందుకే ఈ మార్పిడిలో చేతులు మారేది అంకె ఒక్కటే. ఆ అంకె పెరిగినా గంటల గీత కదలకపోవడం చానల్ యజమానికి స్టూడియో యాప్‌లో స్పష్టంగా కనబడుతుంది: సబ్‌స్క్రైబర్లు ఏడు వందలు దాటుతారు, కొత్త వీడియోకు మొదటి రోజు నలభై వ్యూస్ కూడా రావు.

> నియమం ఏమంటుంది?
> ‘మీరు నాకు చేస్తేనే నేను మీకు చేస్తా’ అనే షరతుతో సబ్‌స్క్రైబ్ చేసుకోవడం, తెరమీద కనిపించే పేరు చెప్పాలంటే `sub4sub`, యూట్యూబ్ విధానాల ప్రకారం కుదరదు. వీడియోలకే కాదు, కామెంట్లకూ ఇది వర్తిస్తుంది. "నచ్చితే సబ్‌స్క్రైబ్ చేయండి" అని ప్రేక్షకులను అడగడం మాత్రం తప్పు కాదు. అలా అడగడంలో తిరిగి ఇచ్చేది ఏమీ లేదు, తేడా అదే.

నలుగురిలో కాదంటే

నలుగురి ముందు మనిషికి ఉండే విలువను సామాజికశాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్‌మన్ 1955లో ‘ముఖం’ అని పిలిచి, మాటల్లో జరిగే మర్యాదలన్నీ ఎదుటివాడి ముఖాన్నీ మన ముఖాన్నీ కాపాడుకోవడానికే అని వివరించాడు. మన దగ్గర ఇజ్జత్ అంటాం, లెక్క ఒకటే. ఆ ఆలోచనను పెనెలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు పెద్ద సిద్ధాంతంగా పెంచారు. వాళ్లు ఆధారంగా తీసుకున్న మూడు భాషల్లో ఒకటి కోయంబత్తూరు జిల్లా పల్లెలో మాట్లాడే తమిళం. కాబట్టి ఇదంతా పాశ్చాత్య మర్యాదల గొడవ అని తీసిపారేయడానికి లేదు.

వాళ్లు చెప్పినదాన్ని మన కామెంట్ మీద పెట్టి చూస్తే, అడిగినవాడు రెండు రకాలుగా ఇరుక్కుని ఉన్నాడు. తనకు సబ్‌స్క్రైబర్లు లేరని నలుగురిలో ఒప్పుకున్నాడు, అది మొదటిది. మీరు తనను సాటివాడిగా చూస్తారో లేదో తేలే చోట నిలబడ్డాడు, అది రెండోది. సబ్ రాకపోవడం వల్ల కలిగే నష్టం చిన్నది. ‘నువ్వు నా స్థాయి కాదు’ అని వినబడితే కలిగే నొప్పి పెద్దది. మనం కాదనాల్సింది సబ్‌ను. కాదనకూడనిది మనిషిని.

ఎదురుగా ఉన్నప్పుడు ఈ రెంటినీ విడదీయడం మనకు తెలియకుండానే చేస్తాం. దానికి మొదటి పనిముట్టు ఆలస్యం. 2009లో పరిశోధకులు పది భాషల్లో సంభాషణలను కొలిచి చూశారు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీ సగటున సెకనులో అయిదో వంతు. ఒప్పుకునే జవాబులు త్వరగా వస్తాయి, ఒప్పుకోనివి కొంచెం ఆగి వస్తాయి. ఆ చిన్న ఆగడం, "అదీ..." అనే సాగదీత, తల గోక్కోవడం, ఇవన్నీ ‘నిన్ను కాదనడం నాకూ కష్టంగానే ఉంది’ అని ముందే చెప్పేస్తాయి. మాట వచ్చేసరికి ఎదుటివాడు సిద్ధపడి ఉంటాడు.

కామెంట్‌లో ఆ ఆగడం కనిపించదు. మీరు పది నిమిషాలు ఆలోచించి, రెండుసార్లు చెరిపి రాసినా, చదివేవాడికి "చెయ్యను" అనే మాట ఒక్కటే దిగుతుంది.

పైగా మన గొంతు రాతలోకి వెళ్లిందనే భ్రమ ఒకటి ఉంటుంది. జస్టిన్ క్రూగర్ బృందం 2005లో ఈమెయిల్ మీద చేసిన పరిశోధన దీన్ని బయటపెట్టింది. కొన్ని వాక్యాలు వెటకారంగా, కొన్ని నిజంగా రాసి పంపమన్నారు. ఏది ఏదో చదివేవాళ్లు నూటికి 78 సార్లు పట్టేస్తారని రాసినవాళ్లు అనుకున్నారు. పట్టింది 56 సార్లే. బొమ్మా బొరుసా వేసి చెప్పినా 50 వస్తుంది కదా! అవే వాక్యాలను గొంతుతో చెప్పినప్పుడు మాత్రం నూటికి డెబ్బైకి పైగా పట్టారు. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతుంటుంది, అదే అవతలివాడికీ మోగుతుందనుకుంటాం. మీరు నవ్వుతూ రాసిన "హహ, ఇవన్నీ మనకు సెట్ కావు బ్రో" అనే మాట అక్కడ ఎగతాళిగా దిగడానికి దాదాపు సగం అవకాశం ఉందన్నమాట.

సిరిసిల్ల సాంచె వీడియో కింద

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. సిరిసిల్లలో సాంచెలు బాగుచేసే ఒకాయన ఒక చానల్ పెట్టాడు. బయటివాళ్లు మరమగ్గం అంటారు గానీ సిరిసిల్లలో అది సాంచెనే. ఆయనకు 641 మంది సబ్‌స్క్రైబర్లు. షటిల్ అటు చేరకుండా మధ్యలో ఎందుకు ఆగిపోతుందో, ఎక్కడ సరిచెయ్యాలో చూపిస్తూ ఎనిమిది నిమిషాల వీడియో పెట్టాడు. కోరుట్ల నుంచి బైక్ మీద తిరుగుతూ ఊళ్లు చూపించే ఒక కుర్రాడు కింద రాశాడు: "అన్నా సూపర్. సబ్ చేసిన, మీరు కూడ నాకు చెయ్యుండ్రి."

సాంచె ఆయన ముందు నాలుగు జవాబులున్నాయి. మొదటిది: "సబ్ ఫర్ సబ్ చేయబడదు." ఇందులో తిట్టు లేదు. కానీ ఆఫీసు గోడ మీద నోటీసులా ఉంది. మనిషి మాట్లాడితే బోర్డు జవాబిచ్చింది. అడిగినవాడి ‘అన్నా’కు బదులుగా ఏ పిలుపూ రాలేదు. వాడికి వినబడేది అదే.

రెండోది: "చూస్తా తమ్మీ" అని, పక్కన ఒక నవ్వు బొమ్మ. మనలో చాలామంది రాసేది ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఎదురుగా "చూద్దాంలే" అంటే కాదనే అర్థం, అది ఇద్దరికీ తెలుసు. అన్నవాడి గొంతు, చూపు తిప్పుకోవడం ఆ అర్థాన్ని చెప్తాయి, గాలిలో అన్న మాట గాలిలోనే పోతుంది. పోస్టు కింద ఆ మాట అలాగే నిలిచి ఉంటుంది. వారం తర్వాత దాని కిందే ఇంకో మాట చేరుతుంది: "అన్నా, చూస్త అన్నరు గదా?" అప్పుడు కాదంటే మాట తప్పినవాడివి. ఈలోగా అది చదివిన మరో నలుగురు ఈయన ఒప్పుకుంటాడేమో అనుకుని తమ పేర్లూ రాసి వెళ్తారు. అలాంటి కామెంట్‌కు ఎర్ర గుండె గుర్తు కొట్టినా ఇదే జరుగుతుంది. రాసినవాడు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటాడు, చూసినవాళ్లూ అంతే.

మూడోది పాఠం చెప్పడం: "ఇలా అడగడం యూట్యూబ్ నియమాలకు విరుద్ధం, ముందు కంటెంట్ మీద దృష్టి పెట్టండి." మొదటి సగం నిజమే. కానీ అడిగినవాడు నియమం అడగలేదు. సలహా అసలే అడగలేదు. తన చానల్ చూడకుండానే తన కంటెంట్ బాలేదని తేల్చినట్టు వాడికి అనిపిస్తుంది. పొగరు అన్న మాట సాధారణంగా ఇలాంటి జవాబుకే వస్తుంది, ముక్కుసూటి ‘వద్దు’కు కాదు.

నాలుగోది ఇలా ఉండొచ్చు:

"థ్యాంక్స్ అన్నా. సబ్ మార్పిడి నేను ఎవ్వలతోని చెయ్య, మా దోస్తులతోని గూడ. ఏమనుకోకుండ్రి. సాంచె గురించి డౌటుంటే అడుగుండ్రి, చెప్త."

ఇందులో పని చేస్తున్నవి ఏమిటో విప్పి చూద్దాం. థ్యాంక్స్ మొదట ఉంది, కానీ దేనికో సాగదీయలేదు. సబ్ చేసినందుకు అని పేరుపెట్టి కృతజ్ఞత చెబితే బాకీని ఒప్పుకున్నట్టే. ‘ఎవ్వలతోని చెయ్య’ అన్న చోట అసలు పని జరిగింది. ‘మీకు చెయ్యను’ అనలేదు. వాడిని చూసి, తూచి, పక్కన పెట్టలేదు. వాడు రాకముందే ఉన్న పద్ధతి అది, దోస్తులకు కూడా అదే. దాంతో కాదనడం ఆ కుర్రాడి విలువతో సంబంధం లేని సంగతి అయిపోయింది. ‘ఏమనుకోకుండ్రి’ కాదన్న తర్వాత వచ్చింది, ఒక్కసారే వచ్చింది. అదే ముందుకొచ్చి మూడుసార్లు వస్తే ఇంకా బతిమాలితే ఒప్పుకుంటాడన్న ఆశ పుడుతుంది.

చివరి వాక్యం సాంచె ఆయన నిజంగా ఇవ్వగలిగింది మాత్రమే ఇస్తోంది. "మీ వీడియోలు తప్పకుండ చూస్త" అని రాయలేదు, చూడడు కాబట్టి. ఇచ్చేది చిన్నదైనా పర్వాలేదు, నిజమైతే చాలు. ఆ కుర్రాడి చానల్ ఒక నిమిషం తెరిచి చూసే ఓపిక ఉంటే ఆ చోట "ధర్మపురి గోదారి వీడియో చూసిన, పొద్దుగాల తీసిన షాట్ మంచిగున్నది" అని ఒక్క ముక్క రాయొచ్చు. చూసిన విషయం పేరుతో చెప్పిన మెప్పు సబ్ కన్నా విలువైనది. చూడకుండా రాసిన "సూపర్" వాడు మనకు పెట్టినదాని కన్నా గొప్పది కాదు.

నిడివి కూడా లెక్కలోదే. జవాబు వచ్చినట్టు ఫోన్‌లో మోగినప్పుడు మొదటి ముక్కే కనిపిస్తుంది. అక్కడ పొడుగాటి పొగడ్త ఉండి, కాదన్న మాట చాలా కింద దాక్కుంటే, తెరిచి చదివినప్పుడు మోసపోయినట్టుంటుంది. నాలుగు చిన్న వాక్యాల్లో ముగిస్తే తీపీ చేదూ కలిసి అందుతాయి.

ఇక రాయకూడని ఒక వాక్యం: "మిమ్మల్ని తక్కువ చేసి కాదు." సదుద్దేశంతోనే రాస్తాం. కానీ అంతదాకా వాడికి రాని ఆలోచనను మనమే అందించినవాళ్లం అవుతాం.

> ఏమని పిలవాలి?
> ముక్కూ మొహం తెలియని మనిషికి వయసు తెలియకుండా ‘తమ్మీ’ అంటే మనం ఒక మెట్టు పైన నిలబడ్డట్టే. అవతల యాభై ఏళ్ల మనిషి ఉండొచ్చు కూడా. ఉత్తర తెలంగాణలో మగవాళ్ల మధ్య ‘అన్నా’ ఏ వయసుకైనా చెల్లుతుంది. చానల్ పేరును బట్టి ఆడో మగో తెలియకపోతే పిలుపు వదిలేసి, ‘మీరు’తో, ‘చూడుండ్రి’, ‘అడుగుండ్రి’ అనే క్రియలతో గౌరవం చూపిస్తే సరిపోతుంది. వాళ్లు యాసలో అడిగినప్పుడు మీరు పుస్తకాల భాషలో జవాబిస్తే, మర్యాద ఎంత ఉన్నా దూరం పెట్టినట్టే వినబడుతుంది.

ఇన్‌స్టాలో కారణం మారుతుంది

ఇన్‌స్టాగ్రామ్‌లో "ఫాలో బ్యాక్ అన్నా" అన్నప్పుడు పైన చెప్పిన కారణం అలాగే అతికించకూడదు. అక్కడ ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఫాలో కావడంలో తప్పేమీ లేదు. నియమం ఒప్పుకోదు అంటే అబద్ధమవుతుంది, అవతలివాడికి ఆ సంగతి తెలిసే ఉంటుంది.

పెద్ద ఖాతాలకు ఒక నిజమైన హద్దు ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరైనా 7,500 ఖాతాలకు మించి ఫాలో కాలేరు. పన్నెండు వేల ఫాలోయర్లున్నవాడు అందరికీ తిరిగి చేయాలన్నా చేయలేడు. మూడు వందల మంది ఉన్నవాడు మాత్రం ఈ కారణం చెప్పకూడదు, ప్రొఫైల్ మీదే లెక్క కనబడుతుంది. వాడికి ఉన్న నిజమైన కారణం వేరు: ఫాలో అయితే ఆ ఖాతా పెట్టేవి తన ఫోన్‌లోకి వస్తుంటాయి. "నాకు పనికొచ్చే మగ్గం పేజీలు, చుట్టాలవి మాత్రమే ఫాలో అయిత అన్నా, లేకుంటే చూసుడు అయితలేదు" అంటే అది ఎవరూ కాదనలేని మాట, ఎందుకంటే వాడి ఫాలోయింగ్ జాబితా తెరిస్తే నిజంగానే అలా ఉంటుంది. చెప్పే కారణం అవతలివాడు సరిచూసుకున్నా నిలబడాలి.

అందరికీ ఒకే జవాబు

వారానికి ఒకరిద్దరు అడిగితే ఒక్కొక్కరికీ రాయొచ్చు. రోజుకు పదిమంది అయితే కుదరదు, పైగా అదే జవాబు పదిసార్లు కనబడితే అదీ బోర్డులాగే తయారవుతుంది. అప్పుడు మీరే ఒక కామెంట్ రాసి పైన పిన్ చేయడం మేలు. ఎవరూ అడగకముందే చెప్పిన మాట కాబట్టి అందులో ఎవరి ముఖమూ మాడదు. "ఇక్కడ సాంచె ముచ్చట్లే మాట్లాడుకుందాం. సబ్ మార్పిడి చేస్తలేను. మీ సాంచెల ఏం ఖరాబైందో రాయుండ్రి" అంటే చాలు. చదివినవాడు అడగడం మానుకుంటే ఎవరికీ తెలియదు, వాడి ఇజ్జత్ వాడి దగ్గరే ఉంటుంది.

అతికించుకుంటూ తిరిగేవాళ్ల సంగతి వేరు. ఒకే వాక్యం పది చానళ్ల కింద పెట్టేవాడు, వీడియో వచ్చిన ఇరవై సెకన్లలో "ఫుల్ వాచ్ డన్" అనేవాడు జవాబు కోసం ఎదురుచూడడు. యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో `Blocked words` అనే చోట `sub4sub`, `s4s`, `sub back`, ‘సబ్ ఫర్ సబ్’ లాంటివి రాసిపెడితే, ఆ మాటలున్న కామెంట్లు బయటికి రాకుండా మీ పరిశీలన కోసం ఆగుతాయి. 60 రోజుల దాకా ఉంటాయి. ఆ జాబితాలో ‘సబ్’ అని ఒక్క మాటే రాయకండి, ‘మంచిగుంది, సబ్ చేసిన’ అని ప్రేమగా రాసినవాళ్లు కూడా ఆగిపోయే ప్రమాదం ఉంది. మన యాసలో ‘సబ్ కొట్టుండ్రి’, ‘కొట్టుర్రి’, ‘కొట్టండి’ అని రకరకాలుగా రాస్తారు కాబట్టి ఈ జల్లెడ అన్నిటినీ పట్టదు కూడా. అప్పుడప్పుడు ఆగినవాటిని తెరిచి చూస్తే ఎవరిని అన్యాయంగా ఆపిందో, ఎవరిని వదిలేసిందో తెలుస్తుంది.

కొత్తగా చానల్ పెట్టిన పిల్లవాడు కూడా అచ్చం ఈ మాటే రాస్తాడు. తేడా పట్టడానికి ఒక్క నొక్కు చాలు: పేరు మీద నొక్కి, వాడి చానల్లో సొంతంగా తీసిన వీడియోలు నాలుగు ఉంటే మనిషికి ఇచ్చే జవాబు ఇవ్వండి. ఖాళీగా ఉంటే వదిలేయండి.

తెలిసినవాళ్లయితే

పట్నంలో కామెంట్ పెట్టినవాడు మళ్లీ ఎదురుపడడు. కోరుట్లలో మొబైల్ షాపు కుర్రాడే అడిగి ఉండొచ్చు, మేనమామ కొడుకు గల్ఫ్ నుంచి అడిగి ఉండొచ్చు. ఇలాంటివాళ్లకు కామెంట్‌లో జవాబు రాయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అందరి ముందు రాసిన ప్రతి మాటా చుట్టాల్లో ఇంకో రూపంలో చేరుతుంది. ఒక ఫోన్ చేసి, "బావా, కామెంట్ చూసిన, గందుకే చేస్తున్న. ఆ మార్పిడి నేను పెట్టుకోలే. నీ వీడియో మా మగ్గాల గ్రూపుల పనికొచ్చేదుంటే నేనే పెడ్త" అంటే గొంతు తోడుంటుంది, ఆగడం వినబడుతుంది. బావ వీడియోలు మీకు నిజంగా ఇష్టమైతే వెళ్లి సబ్‌స్క్రైబ్ చేయండి, దాన్ని ఎవరూ మార్పిడి అనరు. తిరిగి చేస్తేనే అన్న షరతు ఉంటేనే అది మార్పిడి.

ఎంత మెత్తగా చెప్పినా కొందరు ఊరుకోరు. "అయితే అన్‌సబ్ చేస్త" అని మళ్లీ రాస్తారు. దానికి "సరే అన్నా, మీ ఇష్టం, ఏం ఇబ్బంది లేదు" అని ఒక్కసారి చెప్పి ఆగిపోవాలి. మూడో జవాబు ఏది రాసినా అది వాదన అవుతుంది, అక్కడ చదువుతున్నది ఆ కుర్రాడు ఒక్కడే కాదు. షటిల్ ఎందుకు ఆగిందో తెలుసుకుందామని వచ్చిన సాంచె పనివాళ్లు కూడా చదువుతుంటారు. అతను అన్నంత పనీ చేస్తే మర్నాటికి స్టూడియోలో 641 కాస్తా 640 అవుతుంది. పక్కనే ఉన్న వీక్షణ గంటల అంకెలో మాత్రం ఏ మార్పూ కనిపించదు, వాడు అసలు చూడనే లేదు కాబట్టి.